ముక్కు దారి తేలాకే నాలుకకు క్లిప్పు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనంతపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులోనే, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. మా బాబుకు ఎనిమిదేళ్లు. రాత్రంతా నోరు తెరుచుకునే పడుకుంటాడు, గురక పెడతాడు. పొద్దున లేచేసరికి తలగడ చొంగతో తడిసి ఉంటుంది. పై ముందు పళ్లు, కింది ముందు పళ్లు కలవవు. మధ్యలో నా చిటికెన వేలి గోరు దూరేంత సందు ఉంది. గుటక వేసినప్పుడల్లా ఆ సందులోంచి నాలుక బయటికి కనపడుతుంది. పళ్ల డాక్టరు నాలుక ముందుకు రాకుండా లోపల కమ్మీల క్లిప్పు వెంటనే పెట్టాలంటున్నారు. ఈఎన్‌టీ డాక్టరు ఎక్స్‌రే చూసి ముక్కు వెనక అడినాయిడ్స్ దారిని చాలావరకు మూసేశాయన్నారు, మూడు నెలలు స్ప్రే వాడి చూసి ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామన్నారు. మా ఆయన ఇంటర్నెట్‌లో చూసి రాత్రి నోటికి టేప్ వేద్దామంటారు. మా అత్తగారు మాత్రం ‘వాళ్ల నాన్నకూ చిన్నప్పుడు ఇంతే, పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అంటారు. ఈ మధ్య క్లాసులో నిద్రపోతున్నాడని టీచర్ చెప్పింది. మానేసిన పక్క తడపడం కూడా మళ్లీ మొదలైంది. అదంతా కొత్త స్కూల్ టెన్షన్ అనుకుంటున్నాం. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.
— ఓ తల్లి, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది పళ్ల సందు కాదమ్మా, చివర్లో మీరు పక్కన పెట్టేసిన రెండు వాక్యాలు. వాటి దగ్గరికి వస్తాను. ముందు నాలుక విషయం తేల్చుకుందాం. క్లిప్పు ఇప్పుడా తర్వాతా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ఇది చదువుతూనే ఒకసారి ఉమ్మి మింగి చూడండి. మీ నాలుక కొస పై ముందు పళ్ల వెనక, అంగిలి మీద గరుకుగా ఉండే చోట ఆనుతుంది. వెనక పళ్లు ఒక్క క్షణం కలుస్తాయి. పెదవులకు పెద్దగా పని ఉండదు. ఇప్పుడు బాబుకు గుక్కెడు నీళ్లిచ్చి మింగమని, గడ్డం వైపు చూడండి. నాలుక సందులోకి వస్తుంది, కింది పెదవి బిగుసుకుంటుంది, గడ్డం మీద చర్మం ముడతలు పడుతుంది. దీన్నే మేం టంగ్ థ్రస్ట్ అంటాం. ఆ నాలుకే పళ్లను తోసి సందు చేసిందని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేస్తే అలా తేలదు. ఒక గుటకకు పట్టేది సుమారు ఒక సెకను. రోజుకు వెయ్యి గుటకలనుకున్నా మొత్తం కలిపి పావుగంట దాటి కాస్త. పన్ను కదలాలంటే మెల్లగానైనా సరే, ఒత్తిడి రోజూ గంటల తరబడి ఉండాలి. అమెరికా ఆర్థోడాంటిస్ట్ విలియం ప్రాఫిట్ 1978లో ఈ లెక్కనే ముందు పెట్టి, పళ్ల స్థానాన్ని గుటక కన్నా నాలుక విశ్రాంతిగా ఉండే చోటే ఎక్కువ నిర్ణయిస్తుందని వాదించారు. నాదీ అదే అభిప్రాయం. మింగాలంటే నోరు ముందువైపు మూసుకోవాలి. అక్కడ సందు ఉంటే దాన్ని ఏదో ఒకటి మూయాలి కదా, ఆ పని నాలుక చేస్తుంది. అంటే చాలామంది పిల్లల్లో ముందు సందు వస్తుంది, దాన్ని మూయడానికి నాలుక వస్తుంది.

మరి మీవాడి నాలుక మిగతా వేళల్లో ఎక్కడుంటోంది? ముక్కుతో గాలి ఆడే పిల్లాడికి పెదవులు కలిసి, నాలుక అంగిలికి ఆనుకుని ఉంటుంది. బుగ్గలు బయటి నుంచి లోపలికి నొక్కుతుంటే, నాలుక లోపలి నుంచి ఆపుతుంది. పై దవడ వెడల్పు ఆ రెండింటి మధ్యే నిలబడుతుంది. నోటితో గాలి పీల్చాలంటే నాలుక కిందికి దిగి దారి ఇవ్వాలి, కింది దవడ జారాలి. రాత్రి తొమ్మిది గంటలు, పగలు మరికొన్ని గంటలు అలాగే ఉంటే లోపలి ఆసరా పోయి పై దవడ ఇరుకుగా పెరుగుతుంది. రెండో మార్పు బయటికి కనపడదు. నోరు తెరిచి ఉన్నంతసేపు వెనక పళ్లు ఒకదానికొకటి తగలవు. తగలని పన్ను ఎదురు పన్ను కోసం ఇంకొంచెం బయటికి వస్తూనే ఉంటుంది. తలుపు బందు దగ్గర చిన్న పుల్ల అడ్డం పడితే గడియ వైపు బెత్తెడు సందు వస్తుంది చూడండి, ఇక్కడా అంతే. వెనక పళ్లు ఒక మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే ముందు రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. కింది దవడ ముందుకు పెరగాల్సింది కిందికి, వెనక్కి తిరుగుతుంది. ముఖం పొడవుగా సాగినట్టు కనపడేది అందుకే.

ఇది కాగితం మీది సిద్ధాంతం మాత్రమే కాదు. స్వీడన్‌లో లిండర్ ఆరన్‌సన్ 1970లో అడినాయిడ్స్ పెరిగిన పిల్లల దవడలను మిగతా పిల్లలతో పోల్చి ఈ తేడాలు చూపించారు. అవి తీసేశాక చాలామందిలో కింది దవడ పెరుగుదల మళ్లీ ముందుకు మళ్లిందని ఆయన బృందం తర్వాత గమనించింది. ఆ తేడాలు సగటున చిన్నవే. నోటితో గాలి పీల్చే ప్రతి పిల్లాడికీ ముఖం పొడవు కాదు, ముఖం పొడవున్న ప్రతివాడూ నోటితో గాలి పీల్చేవాడు కాదు. వంశం పాత్ర పెద్దదే. కాబట్టి మీ ఆయన పదేళ్లప్పటి ఫొటో, ముఖ్యంగా పక్క నుంచి తీసినది ఉంటే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. మీ అత్తగారి మాటకు ఒక సాక్ష్యం దొరుకుతుంది.

ఇక ఆ రెండు వాక్యాలు. గురక పెట్టే పిల్లాడు పగలు క్లాసులో నిద్రపోతున్నాడు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఈ మూడూ కలిసి వస్తే కొత్త స్కూల్ మీదకు నెట్టకూడదు. నిద్రలో గాలి దారి పదేపదే మూసుకుపోతోందేమో చూడాలి. స్లీప్ ఆప్నియా అంటారే, అది లావుగా ఉన్న పెద్దవాళ్లకే కాదు, సన్నటి పిల్లలకూ వస్తుంది. పిల్లల్లో దానికి మొదటి కారణం అడినాయిడ్స్, టాన్సిల్సే. వాళ్లు పెద్దవాళ్లలా పగలంతా మగతగా ఉండకపోవచ్చు. కొందరు ఉల్టాగా చిరాకుగా, ఒక చోట నిలవకుండా తిరుగుతుంటారు.

ఈ వారంలోనే ఓ పని చేయండి. వాడు నిద్రపోయాక దుప్పటి తీసి, ఛాతీ కనపడేలా, శబ్దం వినపడేలా ఫోన్‌లో రెండు మూడు నిమిషాల వీడియో తీయండి. అర్ధరాత్రి ఒకటి, తెల్లవారుజామున ఒకటి. తెల్లవారుజాము ముఖ్యం, అప్పుడే ఇబ్బంది ఎక్కువ కనపడుతుంది. గురక మధ్యలో ఆగి, కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత గుటుక్కుమనో ఉలిక్కిపడినట్టో మళ్లీ గాలి తీసుకుంటున్నాడా? గాలి పీల్చేటప్పుడు గొంతు కింద గుంట, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోందా? మెడ వెనక్కి వాల్చి పడుకుంటున్నాడా, చల్లటి రాత్రి కూడా చెమట పడుతోందా? ఆ వీడియో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, పక్క తడపడం గురించీ క్లాసు నిద్ర గురించీ మీ నోటితో చెప్పండి. స్ప్రే వాడి చూద్దామన్నప్పుడు ఈ సంగతులు ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. అక్కడి నుంచి మీకు రెండు దారులు.

వీడియోలో ఊపిరి ఆగడం లేదు, మామూలు గురకే అనుకోండి. అప్పుడు స్ప్రే దారి న్యాయమైనదే. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. ముక్కు దిబ్బడతో పాటు అడినాయిడ్స్ వాపు కూడా కొంతమందిలో తగ్గుతుంది. కానీ వారంలో ఫలితం వెతక్కూడదు, ఆరు నుంచి పన్నెండు వారాలు రోజూ వాడాలి. కొట్టే తీరు చాలామందికి ఎవరూ నేర్పరు. తల కొద్దిగా ముందుకు వంచాలి. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో కొట్టాలి. అలా పట్టుకుంటే గొట్టం మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపు, కంటి చివర దిశగా తిరుగుతుంది. మధ్య గోడకు కొడితే నెత్తురు చారలు వస్తాయి, అమ్మలు భయపడి మందే మానేస్తారు. మన ఊళ్లో కడుతున్న బిల్డింగుల దుమ్ము, ఖాళీ సైట్లలో వయ్యారిభామ, ఏడాది పొడవునా పరుపులో ఉండే డస్ట్ మైట్స్ ఉన్నాయి కాబట్టి బాబుకు ఎలర్జీ ఉందేమో కూడా అడగండి. ఉంటే, ఆపరేషన్ చేయించినా ముక్కు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు.

వీడియోలో ఊపిరి ఆగుతున్నట్టు కనపడితే మూడు నెలల ఎదురుచూపు సరిపోదు. రాత్రంతా ఆస్పత్రిలో పడుకోబెట్టి చేసే స్లీప్ స్టడీ అడగండి. గంటకు ఒకటికి మించి గాలి దారి మూసుకుపోయినట్టు తేలితే పిల్లల్లో మామూలు కాదని లెక్క. పెద్దవాళ్లకు ఆ గీత ఐదు దగ్గర ఉంటుంది. అలా తేలితే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయడమే సాధారణంగా మొదటి చికిత్స. ఆపరేషన్ అనగానే భయం సహజమే కనుక ఒక పరిశోధన సంగతి చెబుతాను. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల మధ్య 464 మంది పిల్లలను రెండుగా విడదీసి సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, సగం మందిని ఏడు నెలలు కనిపెట్టి చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ అయిన వాళ్లలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలైంది. ఊరికే చూసిన వాళ్లలో కూడా 46 శాతం మందికి మామూలైంది. ప్రవర్తన, పగటి మగత, రోజువారీ హుషారు ఆపరేషన్ వైపు బాగా మెరుగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షల మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తీవ్రమైన ఆప్నియా ఉన్న పిల్లలను అందులో చేర్చుకోలేదని గుర్తుంచుకోండి. అంటే తేలికపాటిదైతే డాక్టరు కనిపెట్టి ఉంటే కొన్నాళ్లు ఆగే హక్కు మీకుంది. కాకపోతే ఆగినన్నాళ్లూ వాడు అదే నిద్ర పోతాడు.

ఇప్పుడు పళ్ల దగ్గరికి. బాబును వెనక పళ్లు కలిపి కొరకమని, పెదవి పక్కకు లాగి వెలుతురులో చూడండి. సందు ముందు నాలుగు పళ్లకే పరిమితమై, దాని వెనక నుంచి పళ్లన్నీ తగులుతుంటే అది ఎక్కువగా పళ్ల వరకే ఉన్న సమస్య. ఎనిమిదేళ్లకు పై ముందు పళ్లు కొందరిలో పూర్తిగా దిగి ఉండవు కూడా. ముక్కు తెరుచుకుంటే ఇలాంటివి చాలా వరకు వాటంతటవే మూసుకుంటాయి. మీ అత్తగారు చెప్పింది ఇక్కడ నిజమే. సందు పాల దవడ పళ్ల దాకా వెళ్లి, చివరి పళ్లు మాత్రమే తగులుతుంటే దవడ ఎముక పెరుగుదలే దారి తప్పిందని అనుమానించాలి, అప్పుడు పక్క నుంచి తీసే తల ఎక్స్‌రే అవసరం. మరొకటి కూడా చూడండి. పై దవడ పళ్లు కింది వాటికి బయటివైపు కూర్చోవాలి. ఒక పక్క లోపలికి పడి, నోరు మూసేటప్పుడు గడ్డం ఆ పక్కకు జరుగుతుంటే అది ఆగే పని కాదు. ముక్కు చికిత్స సాగుతుండగానే పై దవడను వెడల్పు చేసే స్క్రూ ప్లేట్ పెట్టించవచ్చు, అంగిలి మధ్య అతుకు ఈ వయసులో తేలిగ్గా విడుతుంది. అయితే పళ్ల పరంగా అవసరం లేకుండా, కేవలం గాలి బాగా ఆడుతుందని దవడ వెడల్పు చేయించమంటే ఒప్పుకోకండి.

కమ్మీల క్లిప్పు చెడ్డ పరికరం కాదు. పై ఆరో పళ్లకు రింగులు తొడిగి, ముందు పళ్ల వెనక తీగలతో చిన్న అడ్డుకట్ట కడతారు. మొదటి వారం పది రోజులు మాట ముద్దగా వస్తుంది, అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, తర్వాత అలవాటవుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది ఉంచుతారు. వేలు చీకే పిల్లల్లో, ముక్కు బాగున్నా నాలుక ముందుకే వాలి ఉండే పిల్లల్లో ఇది బాగా పనిచేస్తుంది. మీవాడి విషయంలో నా అభ్యంతరం ఒక్కటే. ముక్కు మూసుకుని ఉన్నంతకాలం ఆ నాలుకకు గాలి కోసం కిందికి దిగడం తప్పదు. దాని ముందు కంచె కడితే గుటక మారవచ్చు, సందు కొంత మూసుకోవచ్చు కూడా. క్లిప్పు తీశాక నాలుక పాత చోటికే వస్తుంది, సందు మళ్లీ తెరుచుకునే ప్రమాదం ఎక్కువ. ఇప్పుడే పెట్టించుకుంటే పెద్ద హాని ఏమీ జరగదు. ఖర్చయి, పిల్లాడి ఓపిక అయిపోయి, నిజంగా అవసరమైనప్పుడు మళ్లీ పెడతానంటే వాడు నోరు తెరవడు.

ముక్కు బాగుపడ్డాక కూడా కొందరు పిల్లలు నోరు మూయరు. ఏళ్ల అలవాటు కదా. ముక్కు నిజంగా తెరుచుకుందో లేదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. వాడు టీవీ చూస్తున్నప్పుడు ఒక గుక్క నీళ్లు నోట్లో పోసి, మింగకుండా పెదవులు మూసి ఉంచమనండి. మూడు నిమిషాలు హాయిగా ఉంటే ముక్కు దారి ఉన్నట్టే, ఇక మిగిలింది అలవాటు. నిమిషం లోపే మింగేసి గాలి కోసం నోరు తెరిస్తే దారి ఇంకా ఇరుకుగానే ఉంది. నిద్రలో ఎలా ఉంటుందో ఈ పరీక్ష చెప్పదు.

మయోఫంక్షనల్ థెరపీ అనేది అక్కడ పనికొస్తుంది. మొదట్లో వారానికోసారి థెరపిస్ట్ దగ్గర, ఇంట్లో రోజుకు రెండుసార్లు పది నిమిషాలు, అలా నాలుగు నుంచి ఆరు నెలలు. నాలుక కొసను ఆ గరుకు చోట నిలబెట్టడం, నాలుక మీద చిన్న రబ్బరు ఉంగరం పెట్టి దాన్ని అంగిలికి అదిమి పట్టి మింగడం, పెదవుల మధ్య కాగితం ముక్క పెట్టి హోంవర్క్ చేసినంతసేపూ జారకుండా ఉంచడం, ఇలాంటివి. మరీ చిన్న పిల్లలకు ఇది సాధారణంగా ఒంటపట్టదు. మీవాడి వయసు సరిపోతుంది, కానీ పక్కన కూర్చుని చేయించేది మీరే. ఈ వ్యాయామాలు నాలుక, పెదవుల అలవాటు మారుస్తాయి, మూసుకున్న సందు మళ్లీ తెరుచుకోకుండా తోడ్పడతాయి. దవడ ఎముకను పెంచుతాయని చెప్పేవాళ్ల దగ్గర గట్టి రుజువులు లేవు. ఆన్‌లైన్‌లో అమ్మే సిలికాన్ ట్రైనర్లు కూడా అంతే. ముక్కు దిబ్బడ ఉన్న పిల్లాడు రాత్రి వాటిని ఉమ్మేస్తాడు, పొద్దున మంచం కింద దొరుకుతాయి.

మాట సంగతి మీరు రాయలేదు గానీ అదీ చూడండి. త, ద అనేటప్పుడు నాలుక పళ్లకు తగలడం తెలుగులో సహజమే, దాన్ని పట్టించుకోవద్దు. ‘సీసా’, ‘సన్నజాజి’ అనిపించి చూడండి. స, జ పలికేటప్పుడు నాలుక పళ్ల మధ్యకు వస్తుంటే థెరపీకి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికే వెళ్లడం మేలు, రెండు పనులూ ఒక చోట అవుతాయి. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ పనికి పేరున్న ప్రభుత్వ సంస్థ. పళ్ల విషయంలో రెండో అభిప్రాయం తక్కువ ఖర్చులో కావాలంటే విక్టోరియా ఆస్పత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. రోజంతా పడుతుంది, స్కూలుకు సెలవు పెట్టించి పొద్దున్నే వెళ్లండి.

మీ ఆయనతో టేప్ మాట వద్దని గట్టిగా చెప్పండి. ముక్కు వెనక దారి చాలావరకు మూసుకుపోయిన పిల్లాడికి నోరే మిగిలిన దారి. దాన్ని అతికించడం ప్రమాదం. అర్ధరాత్రి వాంతి అయితే సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ముక్కు చికిత్స ఏ రూపంలో మొదలైనా ఆ రోజే పళ్ల ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. పళ్లు కలిపి కొరికించి, పక్కన స్టీలు స్కేలు నిలబెట్టి, ముందు నుంచి. రెండు నెలలకోసారి అదే చోట, అదే వెలుతురులో తీయండి. సందు తగ్గుతూ వస్తే తొమ్మిదిన్నర, పదేళ్ల దాకా ఎవరూ ఏమీ పెట్టనక్కర్లేదు. ముక్కు తెరుచుకున్నాక ఆరు నెలలకీ స్కేలు మీద అదే గీత చూపిస్తుంటే థెరపీ మొదలుపెట్టవచ్చు, అవసరమైతే దాంతో పాటే మీ పళ్ల డాక్టరు చెప్పిన క్లిప్పు. అప్పుడు ఆయన మాట సరైన సమయానికి వచ్చినట్టు. సందు పెరుగుతుంటే మాత్రం ఆరు నెలలు ఆగకుండా ఆర్థోడాంటిస్ట్‌కు చూపించండి. దవడ పెరుగుదలను మళ్లించే వీలు ఎదుగుతున్నప్పుడే ఉంటుంది. పద్దెనిమిది దాటాక మిగిలేవి ఎముకలో చిన్న స్క్రూలు వేసి వెనక పళ్లను లోపలికి నొక్కే చికిత్స, ఇంకా ఎక్కువుంటే దవడ ఆపరేషన్.